వేలు ఆగిన చోటు, తప్పు జరిగిన చోటు

బస్సు టికెట్లు అమ్మే ఒక మొబైల్ యాప్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఇది ఏ ఒక్క సంస్థదో కాదు. రాత్రి బస్సులకు టికెట్లు అమ్మే యాప్‌లలో మామూలుగా ఉండే భాగాలే దీనిలోనూ ఉన్నాయి. ఎక్కడినుంచి ఎక్కడికి, ఏ తేదీ అని మొదట అడుగుతుంది. తర్వాత బస్సుల జాబితా చూపించి, సీటు ఎంచుకోమంటుంది. ఏ స్టాపులో ఎక్కుతారో, ఎక్కడ దిగుతారో చెప్పి, పేరూ వయసూ నింపాక, అన్ని వివరాలూ ఒక స్క్రీన్‌లో చూపించి డబ్బు కట్టమంటుంది.

ఈ యాప్ జనానికి ఎంతవరకు అర్థమవుతోందో తెలుసుకోడానికి కొందరిని ఒక్కొక్కరుగా పిలిచి, అందరికీ ఒకే పని అప్పగించారనుకోండి. పని ఇది: "శనివారం పొద్దున తొమ్మిదింటికి విజయవాడలో మీవాళ్ల పెళ్లి. శుక్రవారం మీ పని ముగిసేసరికి రాత్రి పదకొండున్నర అవుతుంది. ఆ రాత్రే ఎల్బీనగర్‌లో బస్సెక్కి వెళ్లాలి. టికెట్ తీసుకోండి." ఫోన్ స్క్రీన్, చేతి కదలిక, మాటలు అన్నీ రికార్డయ్యాయి. వచ్చినవాళ్లు వెళ్లిపోయారు, రికార్డింగులు మిగిలాయి. వాటిని ఎలా చూడాలి, వాటిలో ఏం వెతకాలి అన్నదే ఈ అధ్యాయం.

పని అప్పగించిన తీరు ముందుగా గమనించాలి. అందులో 'తేదీ' అన్న మాట లేదు, 'బోర్డింగ్ పాయింట్' అన్న మాటా లేదు. స్క్రీన్ మీద ఉన్న మాటలే పనిలోనూ వాడితే, మనిషి ఆ మాట ఎక్కడుందో వెతికి నొక్కేస్తాడు. అప్పుడు రికార్డింగులో కనబడేది అక్షరాలు పోల్చే నైపుణ్యమే. 'శుక్రవారం రాత్రి' అని ఇంట్లో చెప్పుకున్నట్టు చెబితేనే, ఆ మాటను యాప్ అడిగే తేదీగా మార్చుకునే భారం అతని మీద పడుతుంది. మనం చూడాల్సింది ఆ మార్పు దగ్గర ఏం జరుగుతుందో.

రికార్డింగులో ఏమేం ఉండాలో కూడా కొంచెం చెప్పుకోవాలి. స్క్రీన్ ఒక్కటే రికార్డు చేస్తే వేలు ఎక్కడ తగిలిందో తెలియదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో డెవలపర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి `Show taps` ఆన్ చేస్తే, తాకిన ప్రతిచోటా చిన్న చుక్క కనిపిస్తుంది. అయినా అది తాకిన తర్వాతి సంగతే. తాకబోయి ఆగిపోయిన వేలు స్క్రీన్ రికార్డింగులో ఉండదు. దానికి చేతిపైన మరో కెమెరా కావాలి. బ్యాంకు, యూపీఐ పిన్ అడిగే పేజీలు భద్రత కోసం రికార్డింగును ఆపేస్తాయి కాబట్టి అక్కడ వీడియో నల్లగా వస్తుంది. ఆ కాసేపూ మనకు మిగిలేవి చేతి కెమెరా, గొంతు మాత్రమే. పిన్ కొట్టేటప్పుడు చేతి కెమెరానూ ఆపేయడం మర్యాద, అవసరం కూడా.

ఇప్పుడు మొదటి రికార్డింగు పెడదాం. ఇందులో ఉన్నామెను పద్మగారు అందాం. యాభై దాటిన గృహిణి. ఫోన్‌లో కరెంటు బిల్లు కట్టడం, వీడియో కాల్ చేయడం అలవాటే. బస్సు టికెట్ మాత్రం ఇంతవరకూ కొడుకే తీసిపెట్టేవాడు.

మొదటిసారి చూసేటప్పుడు ఏమీ రాసుకోకుండా, ఎక్కడా ఆపకుండా, మామూలు వేగంతో చివరిదాకా చూడాలి. సమయం కలిసొస్తుందని వేగం పెంచి చూసే అలవాటు చాలామందికి ఉంది. ఈ పనిలో అది చెరుపు చేస్తుంది. మనం వెతికేదే ఆగడం. రెట్టింపు వేగంలో నాలుగు సెకన్ల ఆగడం రెండు సెకన్లయిపోయి, సహజంగా కనబడి, కంటినుంచి జారిపోతుంది.

రెండోసారి చూసేటప్పుడు ఆపుతూ, వెనక్కి వెళ్తూ రాసుకోవాలి. కాగితం మీద నాలుగు గడులు చాలు. సమయం ఒకటి, ఏం జరిగిందో ఒకటి, ఆ మనిషి అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టుగా ఒకటి. చివరిది మన ఊహకు. ఆ చివరి గడిని విడిగా ఉంచడం చాలా అవసరం. "4:12, ఏ తేదీయో అర్థం కాక ఆగింది" అని ఒకే వాక్యంగా రాసేస్తే, 'ఆగింది' అన్న నిజమూ, 'తేదీ అర్థం కాక' అన్న మన ఊహా కలిసిపోతాయి. వారం తర్వాత ఆ కాగితం చదివేవాళ్లకు రెండూ నిజాలుగానే కనిపిస్తాయి.

పద్మగారి కాగితం ఇలా వస్తుంది. 0:38కి క్యాలెండర్ తెరుచుకుంది, 0:42కి శుక్రవారం 14 నొక్కింది. 1:50కి మియాపూర్‌లో రాత్రి 11:15కి బయల్దేరే బస్సు ఎంచుకుంది. సీటు దగ్గర కాస్త ఆలస్యం: "పక్కన ఆడవాళ్లే ఉండాలి బాబూ, అది ఎలా తెలుస్తుంది?" అంది. రంగు తేడా చూసి తనే తెలుసుకుంది. 2:47కి ఎక్కే స్టాపుల జాబితా వచ్చింది. మియాపూర్ 11:15 PM, కూకట్‌పల్లి 11:30 PM, అమీర్‌పేట 11:50 PM, ఎల్బీనగర్ 12:25 AM. 2:51 నుంచి 3:02 దాకా వేలు ఎల్బీనగర్ వరస మీద గాల్లో నిలిచింది. "పన్నెండుంపావు దాటాకా..." అని తనలో తను అనుకుని, నొక్కింది. 4:10కి చివరి వివరాల స్క్రీన్. రెండు సెకన్లు అది లోడ్ అవడానికి పట్టింది. 4:12 నుంచి 4:31 దాకా ఏమీ లేదు. తాకలేదు, జరపలేదు, మాట్లాడలేదు.

పందొమ్మిది సెకన్లు. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

ఎంతసేపు ఆగితే ఆగినట్టు అన్న ప్రశ్నకు ఒక పాత కొలత ఉంది. స్టువర్ట్ కార్డ్, థామస్ మొరాన్, ఆలెన్ న్యూవెల్ అనే ముగ్గురు పరిశోధకులు కంప్యూటర్ మీద చేసే పనిని చిన్నచిన్న కదలికలుగా విడగొట్టి, ఒక్కోదానికి ఎంత సమయం పడుతుందో 1980లో లెక్కగట్టారు. తర్వాత చేయాల్సింది మనసులో సిద్ధం చేసుకోడానికి వాళ్లిచ్చిన సగటు 1.35 సెకన్లు. అయితే అది పని బాగా అలవాటైనవాళ్లు, తప్పు చేయకుండా, కీబోర్డు ముందు కూర్చుని చేసేటప్పటి లెక్క. తొలిసారి యాప్ తెరిచిన మనిషికి దాన్ని గీటురాయిగా పెట్టకూడదు. అయినా అది ఒక సంగతి గుర్తుచేస్తుంది. ఆలోచన అనేదానికి ఎప్పుడూ కొంత సమయం పడుతుంది, కాబట్టి ప్రతి విరామమూ ఇబ్బందికి గుర్తు కాదు.

అందువల్ల అందరికీ ఒకే హద్దు పెట్టడం కన్నా, ఆ మనిషిని ఆ మనిషితోనే పోల్చడం మేలు. పద్మగారు పేరు, వయసు నింపేటప్పుడు ఒక్కో గడికీ మధ్య ఎంతసేపు తీసుకుంది? అక్కడ తికమకపడేది ఏమీ లేదు కాబట్టి అది ఆమె సహజమైన నడక. రెండు మూడు సెకన్లు. దానిపక్కన పదకొండు సెకన్లూ, పందొమ్మిది సెకన్లూ లేచి నిలబడతాయి. నెమ్మదిగా టైపు చేసే పెద్దాయన ప్రతిచోటా ఐదు సెకన్లు తీసుకుంటే అందులో విశేషం లేదు. చకచకా నడిచే కుర్రాడు ఒకచోట ఐదు సెకన్లు ఆగితే విశేషమే.

తర్వాత, ఆగడానికి ఉన్న అమాయకమైన కారణాలను ఒక్కొక్కటిగా తీసేయాలి. నెట్‌వర్క్ నెమ్మదించి స్క్రీన్ తిరుగుతోందా? ఆ రెండు సెకన్లు మనం ముందే పక్కన పెట్టాం. చదువుతోందా? చదివేటప్పుడు సాధారణంగా స్క్రీన్ కొంచెంగా పైకి జరుగుతుంటుంది, పెదవులు కదులుతుంటాయి. ధరలు పోల్చి చూసుకుంటోందా? బస్సుల జాబితాలో పైకీ కిందికీ చాలాసేపు తిరగడం అలాంటిది. అది బేరం చూసుకునే మనిషి ఆనందం, ఇబ్బంది కాదు. టెస్ట్ నడిపేవాళ్లు ఏదో అడిగితే జవాబు చెబుతోందా? సౌండ్ పెంచి వింటే తెలుస్తుంది. ఇవన్నీ తీసేశాక మిగిలినదాన్నే తటపటాయింపు అనాలి. అప్పటికైనా అది ఒక గుర్తు మాత్రమే. ఎందుకన్నది ఇంకా తెలియదు.

ఎందుకో తెలియాలంటే ఆ విరామం తర్వాత చేయి ఏం చేసిందో చూడాలి. ఆలోచించి తేల్చుకున్న మనిషి ముందుకు వెళ్తాడు. తికమకపడ్డ మనిషి వెనక్కి వెళ్తాడు, లేదా నొక్కితే పనిచేయనిచోట నొక్కుతాడు. పద్మగారు 4:39కి పైనున్న 'శుక్ర, 14' అన్న పెద్ద అక్షరాల మీద రెండుసార్లు నొక్కింది. అది బటన్ కాదు, ఏమీ జరగలేదు. ఇలాంటి ఉత్తుత్తి నొక్కులు రికార్డింగులో దొరికే అతి విలువైన సాక్ష్యాలని నా అభిప్రాయం. మనిషి ఏది మార్చాలనుకున్నాడో, అది ఎక్కడ ఉంటుందని ఆశించాడో రెండూ ఒకే చుక్కలో చెబుతాయి. ఆమె మార్చాలనుకున్నది తేదీని.

4:46కి వెనక్కి నొక్కింది. మరోసారి, మరోసారి. 5:20కి మళ్లీ క్యాలెండర్ దగ్గరికి చేరి, ఈసారి గురువారం 13 ఎంచుకుంది. మళ్లీ అదే బస్సు, సీటు, అదే ఎల్బీనగర్. చివరి స్క్రీన్‌కు వచ్చి "ఆ, ఇప్పుడు సరిపోయింది" అని, డబ్బు కట్టే బటన్ నొక్కింది. ఇది టెస్ట్ కాబట్టి నిజంగా డబ్బు పోలేదు. టికెట్ వచ్చింది. యాప్ లెక్కల్లో అది పూర్తయిన ఒక బుకింగు. ఎలా ఉందమ్మా అని అడిగితే, "బాగానే ఉంది బాబూ, కొంచెం అలవాటైతే ఈజీనే. నేనే మొదట తప్పు నొక్కాను" అంది.

ఆ తర్వాత ఇంకొక ప్రశ్న అడిగారు: "ఈ బస్సుకు మీరు ఇంటినుంచి ఏ రోజు, ఎన్నింటికి బయల్దేరతారు?" ఆమె జవాబు: "శుక్రవారం రాత్రి పదకొండున్నరకల్లా బయల్దేరతాను. పన్నెండుకి ఎల్బీనగర్‌లో ఉంటాను."

ఆమె చేతిలో ఉన్న టికెట్‌లోని బస్సు గురువారం రాత్రి మియాపూర్‌లో బయల్దేరి, అర్ధరాత్రి దాటాక, గడియారం లెక్కన శుక్రవారం 12:25 AMకి ఎల్బీనగర్ చేరుతుంది. ఆమె వెళ్లేసరికి ఆ బస్సు పోయి దాదాపు పూర్తిగా ఒక రోజు అయివుంటుంది. మొదట ఆమె ఎంచుకున్న 14వ తేదీయే సరైనది. చివరి స్క్రీన్‌లో పైన పెద్దగా 'శుక్ర, 14' అనీ, కింద చిన్న అక్షరాల్లో 'ఎల్బీనగర్, 12:25 AM, శని 15' అనీ రెండు తేదీలు కనిపించాయి. శని అన్న మాట చూసి, బస్సు శనివారం రాత్రిదనీ, పెళ్లి తప్పిపోతుందనీ ఆమె భయపడింది. శుక్ర అన్న మాట కింది వరసలోకి వచ్చేదాకా తేదీని వెనక్కి జరిపింది. ఆమె దృష్టిలో అది సరిదిద్దుకోవడం.

ఇక్కడ తొందరపడి, చివరి స్క్రీన్‌లో అక్షరాలు పెద్దవి చేయాలి అని రాసేసి కాగితం మూసేయవచ్చు. స్లాబులో నీళ్లు గదిలో ఒకచోట కారితే, పైన పగులు మరోచోట ఉండటం ఇల్లు కట్టుకున్నవాళ్లకు తెలుసు. ఆగిన చోటునుంచి వెనక్కి నడవాలి. పందొమ్మిది సెకన్లకు ముందు, స్టాపుల జాబితాలో పదకొండు సెకన్లు. అక్కడ సమయం ఉంది, తేదీ లేదు. అంతకు ముందు క్యాలెండర్ దగ్గర నాలుగే సెకన్లు, ఏ సందేహమూ లేదు. సందేహం లేకపోవడమే అక్కడ చూడాల్సింది. ఆ క్యాలెండర్ 'తేదీ' అని మాత్రమే అడిగింది. బస్సు మొదటి స్టాపులో బయల్దేరే తేదీనా, నేను ఎక్కే తేదీనా అన్నది చెప్పలేదు. పద్మగారికి ఆ ప్రశ్నే రాలేదు.

ఈ ఊహ నిజమో కాదో ఆమె ఒక్క రికార్డింగుతో తేలదు. రెండో రికార్డింగులో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఉన్నాడు, కుర్రవాడు. ఎక్కడా ఆగలేదు. క్యాలెండర్ తెరవగానే "పన్నెండు దాటాక కదా, అంటే 15" అని నేరుగా శనివారం నొక్కాడు. రెండు నిమిషాల్లోపే టికెట్ వచ్చింది. విరామాలు మాత్రమే వెతికేవాళ్లకు ఇది మచ్చలేని సెషన్. నిజానికి అతను తీసుకున్నది శనివారం రాత్రి మియాపూర్‌లో బయల్దేరే బస్సు. ఎల్బీనగర్‌లో ఎక్కేది అర్ధరాత్రి పన్నెండు దాటాక, గడియారం లెక్కన ఆదివారం. పెళ్లి అయిపోయి, విందు కూడా అయిపోయి ఉంటుంది. గడియారం లెక్క సరిగ్గా వేసినందుకే అతను తప్పాడు.

తటపటాయింపు, తికమక ఒకటి కావని ఈ ఇద్దరినీ పక్కపక్కన పెడితే తెలుస్తుంది. పద్మగారు ఆగింది, తప్పింది. కుర్రవాడు ఆగకుండానే తప్పాడు. మూడో రికార్డింగులో వారంవారం విజయవాడ వెళ్లే వ్యాపారి ఉన్నాడు. చివరి స్క్రీన్‌లో ఆయన కూడా ఎనిమిది సెకన్లు ఆగాడు. "శుక్రవారం సర్వీసే కదా, ఆఁ" అని నిర్ధారించుకుని ముందుకెళ్లాడు, సరైన టికెట్టే తీసుకున్నాడు. ఆగాడు, తప్పలేదు. ఆయన ఆగడం మంచి అలవాటు. వేలు ఆగిన సెకన్లు లెక్కబెట్టి వరస పెడితే ఈ మూడింటిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన కుర్రవాడి సెషన్ అడుగున పడుతుంది. అందుకే పని ముగిశాక యాప్‌కు బయటినుంచి అడిగే ప్రశ్న, అంటే 'ఇంటినుంచి ఎప్పుడు బయల్దేరతారు' అన్నది, రికార్డింగులో తప్పక ఉండాలి. అది లేకపోతే ఈ మూడూ విజయాలుగానే లెక్కకు వస్తాయి.

ఈ తికమక మన జనానికి తెలివి లేక వచ్చిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పంచాంగం ప్రకారం వారం సూర్యోదయంతో మొదలై మళ్లీ సూర్యోదయం దాకా ఉంటుంది. తెల్లవారేదాకా అది శుక్రవారం రాత్రే. మనం మాట్లాడేదీ అలాగే. బస్సు సంస్థ తన సర్వీసును బయల్దేరిన తేదీతో పిలుస్తుంది, దాని లెక్కలకు అదే సౌకర్యం. గడియారం అర్ధరాత్రికి తేదీ మారుస్తుంది. మూడు లెక్కలూ సక్రమమైనవే. మూడూ ఒకే గడిలో, ఏది ఏదో చెప్పకుండా తలపడుతున్నాయి.

రికార్డింగులో మాటల సంగతి వేరుగా చెప్పాలి. పనిచేస్తూ మనసులో మెదిలేది పైకి చెప్పమనడం ఈ టెస్టుల్లో అలవాటు. మనస్తత్వ పరిశోధకులు ఎరిక్సన్, సైమన్ 1980లో ఈ పద్ధతికి ఒక హద్దు చూపించారు. ఆ క్షణాన మనసులో ఉన్న మాటను బయటికి అనడం నమ్మదగినది. ఎందుకు అలా చేశావని అడిగి రాబట్టే వివరణ అంత నమ్మదగినది కాదు, ఎందుకంటే అది అప్పటికప్పుడు అల్లుకున్నది కావచ్చు. కాబట్టి "పన్నెండుంపావు దాటాకా..." అన్న గొణుగుడుకు నా కాగితంలో ఎక్కువ విలువ. "నేనే మొదట తప్పు నొక్కాను" అన్న మాటకు తక్కువ. పిలిచి కూర్చోబెట్టి, టీ ఇచ్చినవాళ్ల పనిని తప్పుబట్టడం మన మర్యాద కాదు. పరిశోధకురాలు అపలా లాహిరి చవాన్ భారతదేశంలో టెస్టులు చేస్తూ ఈ ఇబ్బందిని గమనించి, పనిని సినిమా కథలాంటి నాటకీయ సందర్భంలో పెట్టే పద్ధతి తెచ్చారు. పెళ్లికూతురిని ఆపదనుంచి కాపాడటానికి వెంటనే టికెట్ తీయాలి అన్నట్టుంటుంది సందర్భం. కథలో మునిగిన మనిషి మొహమాటం వదిలి విసుక్కుంటాడు. ఆ విసుగే కావలసింది.

మాటలు లేని పందొమ్మిది సెకన్లకు ఇంకో దారి ఉంది. సెషన్ ముగియగానే, జ్ఞాపకం చెదరకముందే, ఆ ముక్కను ఆ మనిషికే చూపించాలి. "ఇక్కడ ఏం చూస్తున్నారమ్మా?" అని మాత్రమే అడగాలి. "తేదీ అర్థం కాలేదా?" అని అడిగితే జవాబు మనమే అందించినట్టు. పద్మగారు ఆ ముక్క చూసి "శనివారం అని పడింది కదా, అది చూసి గుండె ఆగింది" అందనుకోండి. అప్పుడు మన నాలుగో గడిలోని ఊహకు ఆమె నోటినుంచే ఆధారం దొరికినట్టు.

అయినా ఒక్కరే కూర్చుని చూస్తే సరిపోదు. 1998లో జాకబ్సెన్, హెర్ట్‌జమ్, బానీ జాన్ ఈ విషయం పరీక్షించారు. ఈ రంగంలో అనుభవమున్న నలుగురికి ఒకే నాలుగు రికార్డింగులు ఇచ్చి, విడివిడిగా చూసి, సమస్యలు రాయమన్నారు. అందరివీ కలిపితే 93 సమస్యలు వచ్చాయి. వాటిలో నలుగురికీ కనబడ్డవి 20 శాతమే. 46 శాతం సమస్యలు ఒక్కరికి మాత్రమే కనిపించాయి. చూసిన వీడియోలు అవే, చూసిన కళ్లు వేరు. ఈ రంగంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసిన ఫలితం ఇదే. 'రికార్డింగు చూశాం, సమస్యలు ఇవి' అని ఒక్కరు ఇచ్చే నివేదికను పూర్తి నివేదిక అనుకోవడానికి వీల్లేదు.

దీనికి విరుగుడు, కనీసం ఇద్దరు, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా చూడటం. ఆ తర్వాత కాగితాలు పక్కపక్కన పెట్టాలి. మన కేసులో ఒకరు 'చివరి స్క్రీన్‌లో చిన్న అక్షరాలు' అని రాసి ఉండవచ్చు, మరొకరు 'స్టాపుల జాబితాలో తేదీ లేదు' అని. రెండూ వేర్వేరు సమస్యల్లా కనబడతాయి. "నువ్వెందుకు దాన్ని సమస్య అన్నావు, ఏ సెకను దగ్గర చూశావు?" అని ఒకరినొకరు అడుగుతూ వెనక్కి వెళితే, రెండు దారులూ క్యాలెండర్ దగ్గర కలుస్తాయి. ఇద్దరికీ విడివిడిగా అది దొరకకపోయినా, వాదనలో దొరుకుతుంది. ఎవరి జాబితా పెద్దదని పోటీ పెట్టుకుంటే మాత్రం ఈ లాభం పోతుంది.

ఎంతమందిని చూడాలి అనే ప్రశ్నకు 'ఐదుగురు చాలు' అన్న జవాబు బాగా ప్రచారంలో ఉంది. నీల్సన్, లాండౌర్ 1993లో ఇచ్చిన లెక్క దానికి మూలం. ఒక్కో సమస్య ఒక్కో మనిషికి ఎదురయ్యే అవకాశం సగటున 31 శాతమనుకుంటే, ఐదుగురిలో దాదాపు 85 శాతం సమస్యలు బయటపడతాయి. ఆ 'అనుకుంటే' దగ్గరే జాగ్రత్త అవసరం. పదిమందిలో ఒకరికే ఎదురయ్యే సమస్య ఐదుగురిలో బయటపడే అవకాశం 41 శాతమే. మన అర్ధరాత్రి సమస్య ఇంకా విచిత్రమైనది. మియాపూర్‌లో ఎక్కేవాళ్లకు అది ఎప్పటికీ రాదు, ఎందుకంటే అక్కడ సమయం 11:15, తేదీ ఒక్కటే. పనిలో ఎల్బీనగర్ అని చెప్పకపోయి ఉంటే, ఐదుగురు కాదు, యాభైమంది రికార్డింగులు చూసినా ఇది దొరికేది కాదు. మనుషుల సంఖ్య పెంచడం కన్నా, పనిని హద్దుల మీద నిలబెట్టడం ఎక్కువ ఫలితమిస్తుంది. అర్ధరాత్రి, నెలాఖరు, చివరి సీటు, రెండు ఊళ్లకు ఒకే పేరు, ఇలాంటివి.

ఇక సరిచేయడం. క్యాలెండర్‌ను మార్చేముందు ఏది మారితే చాలో చూడాలి. బస్సు సంస్థ లెక్కను మార్చలేం. మారగలిగింది యాప్ మాట. క్యాలెండర్ దగ్గర 'ఏ రాత్రి ప్రయాణం?' అన్న అర్థం వచ్చేలా అడగవచ్చు. స్టాపుల జాబితాలో అర్ధరాత్రి గీత గీసి, దాని కింద 'శుక్రవారం అర్ధరాత్రి దాటాక 12:25, తెల్లవారితే శనివారం 15' అని రాయవచ్చు. చివరి స్క్రీన్‌లో పైనున్న పెద్ద అక్షరాలు బస్సు తేదీని కాక, ఈ ప్రయాణికుడు స్టాపులో నిలబడాల్సిన రోజూ సమయమూ చెప్పాలి. పద్మగారు రెండుసార్లు నొక్కిన చోటు నిజంగానే తేదీ మార్చే బటన్ కావాలి.

మార్చిన యాప్‌తో కొత్తవాళ్లను పిలిచి మళ్లీ రికార్డు చేస్తారు. పాతవాళ్లను పిలిస్తే లాభం లేదు, వాళ్లకు ఆ మెలిక ఇప్పుడు తెలుసు. ఈసారి ఏం చూడాలి? చివరి స్క్రీన్ దగ్గర విరామం తగ్గిందా అని చూడాలని తోస్తుంది. స్టాపుల జాబితాలో ఇప్పుడు చదవాల్సింది ఎక్కువైంది కాబట్టి అక్కడ విరామం పెరగవచ్చు కూడా. కుర్రవాడిలాంటివాళ్లు ఈసారి ఆ గీత దగ్గర ఆగితే అది నష్టం కాదు, మనం కోరుకున్నదే. కొలవాల్సింది సెకన్లు కాదు. 'ఇంటినుంచి ఏ రోజు, ఎన్నింటికి బయల్దేరతారు' అన్న ప్రశ్నకు వచ్చిన జవాబు, చేతిలోని టికెట్‌తో కలిసిందా లేదా అన్నది.

రికార్డింగులు చెప్పలేనివీ ఉన్నాయి. ఏసీ గదిలో, ఎవరూ తొందరపెట్టకుండా కూర్చున్న మనిషి పందొమ్మిది సెకన్లు ఆగి ఆలోచించింది. ఆటోలో వెళ్తూ, చంటిపిల్లాడిని ఎత్తుకుని టికెట్ తీసేవాళ్లకు అంత తీరిక ఉండదు. వాళ్లు ఆగకుండానే తప్పవచ్చు. నిజంగా తన డబ్బు పోతుందంటే పద్మగారు కొడుక్కి ఫోన్ చేసి ఉండేదేమో. టెస్టులో ఆ దారి లేదు. అందువల్ల రికార్డింగుల్లో కనిపించిన తప్పుల నిష్పత్తిని జనంలో తప్పుల నిష్పత్తిగా చెప్పకూడదు. ముగ్గురిలో ఇద్దరు తప్పారంటే ప్రయాణికుల్లో 67 శాతం తప్పుతారని కాదు. ఈ తప్పు ఉంది, దానికి కారణం ఇది అని మాత్రమే అవి చెబుతాయి. ఎంతమందికి జరుగుతోందో తెలియాలంటే బస్సు వెళ్లిపోయాక వచ్చే ఫిర్యాదులు, బుకింగు అయిన వెంటనే తేదీ మార్చినవి, ఎల్బీనగర్‌లో ఎక్కని సీట్లు విడిగా లెక్కించాలి.

రికార్డింగుల్లో ఉన్నది మనుషుల ముఖాలు, గొంతులు, ఫోన్ నంబర్లు, ఒక్కోసారి మధ్యలో వచ్చిన ఇంటి ఫోన్‌కాల్. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమ్మతి తీసుకోవాలంటోంది. సమ్మతి తీసుకున్న పనికి తప్ప మరొకదానికి వాడకూడదంటోంది. పద్మగారు తడబడిన ముక్కను మీటింగులో చూపించాలంటే, దేనికి చూపిస్తామో ఆమెకు ముందే తెలిసి, ఒప్పుకుని ఉండాలి. చూపించేటప్పుడు ఎవరైనా నవ్వితే ఆపి, ఆమె చేసిన ప్రతి అడుగుకూ ఉన్న కారణం వివరించడం రికార్డింగు చూసినవాళ్ల బాధ్యత. పని అయ్యాక ఫైళ్లు తీసేయాలి.

యాప్‌లు తయారుచేసేవాళ్లకు నా విన్నపం ఒకటే. అర్ధరాత్రి దాటాక ఎక్కేవాళ్లకు వాళ్లు నిలబడాల్సిన రోజును అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో చూపించండి. ఆ మార్పు వచ్చేదాకా, రాత్రి బస్సుకు టికెట్ తీసుకునే పాఠకులు డబ్బు కట్టేముందు బోర్డింగ్ వరసలోని చిన్న అక్షరాల తేదీ ఒకసారి చదవండి. ఇంట్లో పెద్దవాళ్లకు టికెట్ తీసిపెట్టేవాళ్లు 14, 15 అని చెప్పి వదిలేయకుండా, ఏ రాత్రి అన్నం తిన్నాక బయల్దేరాలో చెప్పండి.